పగలంతా ఎండలో మ్యాప్స్, రాత్రి చీకట్లో చదువు: ఎల్‌సీడీనా, అమోలెడ్డా?

"అన్నా, పదిహేను నుంచి పద్దెనిమిది వేలలో ఫోన్ చూస్తున్నాను. ఒకదానికి ఎల్‌సీడీ, ఇంకోదానికి అమోలెడ్. విజయవాడలో డెలివరీ చేస్తాను, పొద్దున్నుంచి సాయంత్రం దాకా బండి హ్యాండిల్ మీద మ్యాప్స్ నడుస్తూనే ఉంటుంది. రాత్రి లైటు తీసేసి గంటసేపు గ్రూప్స్ మెటీరియల్ చదువుకుంటాను. ఫ్రెండ్ అమోలెడ్ ఫోన్‌లో చదివితే తల పట్టేస్తోంది. ఏది తీసుకోమంటారు?"

అమోలెడ్ తీసుకోండి, కానీ రెండు షరతుల మీద. ఒకటి, ఎండలో స్క్రీన్ మొత్తం తెల్లగా ఉన్నప్పుడు కూడా వెయ్యి నిట్లకు తగ్గకుండా వెలుగు రావాలి, నిట్ అంటే స్క్రీన్ వెలుగుకు కొలత. రెండోది, వెలుగు తగ్గించినప్పుడు స్క్రీన్ మినుకుమనే వేగం సెకనుకు రెండు వేల సార్లకు అటూ ఇటూ అయినా ఉండాలి. మీ బడ్జెట్‌లో ఈ రెండూ ఉన్నవి దొరుకుతాయి, లేనివి కూడా చాలానే ఉన్నాయి. ఈ రెండూ లేని అమోలెడ్ కంటే మీ పనికి మంచి ఎల్‌సీడీయే నయం. నేను డిస్‌ప్లేలు మార్చే పనిలో చాలాకాలంగా ఉన్నాను. మీలా హ్యాండిల్ మీద ఫోన్ పెట్టుకుని తిరిగేవాళ్ల స్క్రీన్‌లు ఎలా పాడవుతాయో, వాళ్లు ఏమని ఫిర్యాదు చేస్తారో దగ్గర్నుంచి చూస్తుంటాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు కాంట్రాస్ట్ సంగతి. ఎల్‌సీడీలో స్క్రీన్ వెనక బ్యాక్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ముందున్న లిక్విడ్ క్రిస్టల్ పొర కిటికీ రెక్కల్లా ఆ వెలుగును ఎక్కడ వదలాలో, ఎక్కడ ఆపాలో చూసుకుంటుంది. రెక్కలు ఎంత బిగించినా సందుల్లోంచి కొంచెం వెలుగు కారుతుంది. అందుకే చీకటి గదిలో ఎల్‌సీడీ మీద నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది. ఫోన్లలో వాడే ఐపీఎస్ ఎల్‌సీడీల్లో తెలుపు, నలుపుల మధ్య తేడా మామూలుగా వెయ్యి నుంచి పదిహేను వందల రెట్ల దాకా ఉంటుంది. అమోలెడ్‌లో వెనక దీపమే లేదు, ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది. నలుపు కావాలంటే ఆ చుక్క ఆరిపోతుంది, అంతే. అందుకే కంపెనీలు పది లక్షల రెట్లు, ఇరవై లక్షల రెట్లు అని రాస్తాయి. చీకట్లో సినిమా చూసేవాళ్లకు ఆ తేడా నిజంగానే కనిపిస్తుంది.

మీరు పగలంతా ఉండేది ఎండలో. అక్కడ ఈ లక్షల లెక్క పనికిరాదు. ఎందుకో ఒక్కసారి లెక్క వేసి చూద్దాం. స్క్రీన్ గాజు, దాని లోపలి పొరలు కలిపి తమ మీద పడిన వెలుగులో సుమారు 5 శాతం వెనక్కి తిప్పికొడతాయి అనుకోండి. ఫోన్ హ్యాండిల్ మీద వెల్లకిలా ఉంది, అందులో ఆకాశం కనిపిస్తోంది. పగటి ఆకాశం వెలుగు 4000 నిట్లు అనుకుంటే, దానిలో 5 శాతం, అంటే 200 నిట్లు మీ స్క్రీన్ అంతటా పరుచుకుంటాయి. నలుపు మీదా పడతాయి, తెలుపు మీదా పడతాయి.

ఇప్పుడు 500 నిట్లు ఇచ్చే ఎల్‌సీడీని తీసుకోండి. తెలుపు 700 అవుతుంది, నలుపు 200 పైచిలుకు అవుతుంది. గదిలో 1250 రెట్లు ఉన్న తేడా ఎండలో మూడున్నర రెట్లకు పడిపోయింది. 1000 నిట్లు ఇచ్చే అమోలెడ్‌లో తెలుపు 1200, నలుపు 200, అంటే తేడా ఆరు రెట్లు. ఆ ఆరుకు కారణం నలుపు బాగుండటం కాదు, తెలుపు గట్టిగా ఉండటం. అదే 600 నిట్లు మాత్రమే ఇచ్చే చవక అమోలెడ్ అయితే నాలుగు రెట్లే వస్తుంది. ఎల్‌సీడీకీ దానికీ రోడ్డు మీద పెద్ద తేడా ఉండదు. కాబట్టి ఎండలో వాడే ఫోన్‌కు చూడాల్సినవి రెండే: స్క్రీన్ ఎంత వెలుగు ఇస్తుంది, బయటి వెలుగును ఎంత తిప్పికొడుతుంది.

ఈ రెండోదాన్ని చాలామంది చేతులారా పాడు చేసుకుంటారు. కొత్త ఫోన్ కొన్న వెంటనే షాపులో టెంపర్డ్ గ్లాస్ వేయిస్తారు కదా. వాటిలో కొన్నిటికి అంచుల్లో మాత్రమే గమ్ ఉంటుంది. మధ్యలో గార్డుకూ స్క్రీన్‌కూ మధ్య సన్నటి గాలి పొర మిగిలిపోతుంది. గాజుకు, గాలికి మధ్య ఉన్న ప్రతి హద్దూ సుమారు 4 శాతం వెలుగును తిప్పికొడుతుంది. గార్డు అడుగున ఒక హద్దు, ఫోన్ పైన ఇంకో హద్దు, కలిపి మరో 8 శాతం. ఇంతకుముందు 5 ఉన్నది ఇప్పుడు 13 అయింది. అదే ఆకాశం కింద 200 నిట్ల బదులు 520 నిట్లు స్క్రీన్ మీద పడతాయి. మన 1000 నిట్ల అమోలెడ్‌లో తెలుపు 1520, నలుపు 520, అంటే తేడా మూడు రెట్లు కూడా లేదు. గార్డు లేని 500 నిట్ల ఎల్‌సీడీ కంటే తక్కువ! రెండు మూడు వేలు ఎక్కువ పెట్టి అమోలెడ్ కొని, వంద రూపాయల గార్డుతో ఆ లాభమంతా పోగొట్టుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వంపు అంచుల స్క్రీన్‌లకు ఇలాంటి గార్డులే ఎక్కువగా వేస్తారు, అందుకని మీకు వంపు స్క్రీన్ వద్దనే అంటాను. సమతలంగా ఉన్న స్క్రీన్ తీసుకుని, మొత్తం గమ్ ఉన్న గార్డు అడిగి వేయించుకోండి. వేశాక ఫోన్‌ను ఏటవాలుగా పట్టి ట్యూబ్‌లైట్ ప్రతిబింబం చూడండి. లైటు ఒకటి కాకుండా పక్కపక్కనే రెండు మూడు గీతలుగా విడిపోయి స్పష్టంగా కనిపిస్తే మధ్యలో గాలి ఉన్నట్టే.

హోల్డర్ కోణం కూడా చూసుకోండి. ఫోన్‌లో ఆకాశం కనిపించేలా కాకుండా మీ ఛాతీ కనిపించేలా నిలబెట్టండి, ముదురు రంగు చొక్కా అయితే ఇంకా మంచిది. ఎండ పడుతున్న తెల్ల చొక్కా ఆకాశం కంటే కొన్ని రెట్లు ఎక్కువ వెలుగుతుంది, అది స్క్రీన్‌లో పడితే ఏ ఫోన్ అయినా చదవలేరు. పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసెస్ పెట్టుకునే అలవాటు ఉంటే కొనేముందే అవి పెట్టుకుని స్క్రీన్‌ను నిలువుగా, అడ్డంగా తిప్పి చూడండి. రెండు రకాల స్క్రీన్‌ల ముందూ పోలరైజర్ పొర ఉంటుంది. కొన్ని ఫోన్లు ఒక వైపు తిప్పితే నల్లబడతాయి.

ఇక డబ్బా మీద రాసే నిట్ల గురించి. "పీక్ బ్రైట్‌నెస్ 4500 నిట్లు" అంటే స్క్రీన్‌లో చిన్న ముక్క మాత్రమే వెలిగి, మిగతాదంతా నల్లగా ఉన్నప్పుడు వచ్చే అంకె. హెచ్‌డీఆర్ వీడియోలో సూర్యుడు, నిప్పురవ్వ లాంటివాటికి పనికొస్తుంది. మ్యాప్ అంటే స్క్రీన్ నిండా లేత రంగే, అక్కడ ఆ అంకె రాదు. అమోలెడ్‌లో ఎక్కువ చుక్కలు వెలిగితే కరెంటు, వేడి పెరుగుతాయి కాబట్టి ఫోనే వెలుగును కోసేస్తుంది. మీరు చూడాల్సింది "హెచ్‌బీఎం" లేదా "హై బ్రైట్‌నెస్ మోడ్" అని రాసిన అంకె, అంటే ఎండలో ఫోన్ తనంతట తానే పెంచుకునే వెలుగు. అది ఎక్కడా లేకుండా పీక్ అంకె ఒక్కటే పెద్దక్షరాల్లో ఉంటే అనుమానించండి. ఎల్‌సీడీలో ఈ గొడవ లేదు. 500 అంటే స్క్రీన్ అంతా 500, ముక్కైనా 500.

ఇంకో విషయం, చాలా అమోలెడ్ ఫోన్లలో ఈ హెచ్‌బీఎం ఆటో బ్రైట్‌నెస్ ఆన్‌లో ఉంటేనే పనిచేస్తుంది. చేత్తో స్లైడర్ చివరిదాకా లాగినా ఐదారు వందల దగ్గరే ఆగిపోతుంది. "ఎండలో ఏమీ కనపడట్లేదు, డిస్‌ప్లే పాడైంది" అని తెచ్చేవాళ్ల ఫోన్‌లో నేను మొదట చూసేది ఆటో బ్రైట్‌నెస్ ఆఫ్‌లో ఉందా అనే. చార్జింగ్ మిగలాలని అది ఆపేసి ఉంటారు. రెండోది, పైన ఉన్న లైట్ సెన్సార్‌ను కవరో గార్డు నల్ల అంచో మూసేసి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఎండ తగులుతూ, చార్జింగ్ పెట్టి, డేటా, జీపీఎస్ నడుస్తుంటే ఎంత మంచి ఫోన్ అయినా వేడెక్కి వెలుగు తగ్గించేస్తుంది. ఇది ఎల్‌సీడీకీ ఉంది, అమోలెడ్‌కు ఇంకాస్త ఎక్కువ. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఫోన్ మీద నీడ పడేలా చూసుకోవడం, వెనక కవర్ తీసేయడం, మధ్యాహ్నం పూట చార్జింగ్ పెట్టకపోవడం, ఇవి పనిచేసే ఉపాయాలు.

బ్యాటరీ విషయంలో "అమోలెడ్ అయితే చార్జింగ్ ఆదా" అనేది సగం నిజం. ఎల్‌సీడీ బ్యాక్‌లైట్‌కు తెర మీద ఏముందో పట్టదు, నల్ల బొమ్మకైనా తెల్ల పేజీకైనా అంతే కరెంటు తాగుతుంది. అమోలెడ్ ఖర్చు బొమ్మను బట్టి మారుతుంది. నల్లటి పేజీకి చాలా తక్కువ, నిండు తెలుపుకు చాలా ఎక్కువ. మీ మ్యాప్ పగటి రంగుల్లో, పూర్తి వెలుగులో నడుస్తుంటే అమోలెడ్ మీకు ఏమీ మిగల్చదు, ఎల్‌సీడీ కంటే ఎక్కువే తినే అవకాశం ఉంది.

మరి డార్క్ మోడ్ పెడితే? అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు 2021లో ఆండ్రాయిడ్ అమోలెడ్ ఫోన్ల మీద కొలిచి చూశారు. బ్రైట్‌నెస్ 100 శాతం ఉన్నప్పుడు లైట్ మోడ్ నుంచి డార్క్ మోడ్‌కు మారితే సగటున 39 నుంచి 47 శాతం విద్యుత్ ఆదా అయింది. 30 నుంచి 50 శాతం బ్రైట్‌నెస్ దగ్గర మాత్రం ఆదా 3 నుంచి 9 శాతమే. మీ రోజుకు ఇది ఎలా వర్తిస్తుందో చూడండి. రాత్రి తక్కువ వెలుగులో చదివేటప్పుడు డార్క్ మోడ్ పెట్టినా మిగిలేది పెద్దగా ఏమీ లేదు. బాగా మిగలాల్సింది పగలు, పూర్తి వెలుగులో. కానీ మ్యాప్స్ డార్క్ థీమ్‌లో రోడ్లు, సందులు అన్నీ బూడిద రంగు ఛాయలే. ఇందాక లెక్కలో చూసిన 200 నిట్ల ప్రతిబింబం మీద పడితే ఆ ఛాయలన్నీ కలిసిపోతాయి, నల్లటి స్క్రీన్‌లో మీ హెల్మెట్టే కనిపిస్తుంది. కాబట్టి పగలు లైట్ థీమ్ తప్పదు. పొద్దుగుంకాక డార్క్‌కు మారండి. తెలిసిన రోడ్డు మీద స్క్రీన్ ఆపేసి చెవిలో వాయిస్ వింటూ వెళ్తే, ఏ స్క్రీన్ అయినా ఇంతకంటే పెద్ద ఆదా లేదు.

రోజంతా మ్యాప్ నడిపేవాళ్లకు అమోలెడ్‌తో ఉన్న నిజమైన భయం బర్న్ ఇన్. వెలిగే చుక్కలు వాడేకొద్దీ అరుగుతాయి, నీలం చుక్కలు అన్నిటికంటే ముందు. పైన మలుపు చూపించే పట్టీ, కింద బటన్ల పట్టీ గంటల తరబడి ఒకేచోట పూర్తి వెలుగులో ఉంటే అక్కడి చుక్కలు మిగతావాటి కంటే త్వరగా అరిగి, తెల్ల పేజీ తెరిచినప్పుడు ఆ ఆకారం లేత పసుపు మచ్చగా కనిపిస్తుంది. ఎండ వేడి దీన్ని ఇంకా తొందర చేస్తుంది. ఇంట్లో వాడే ఫోన్లలో ఇది నాకు అరుదుగా తగులుతుంది. క్యాబ్‌లో, బైక్ మీద బిగించిన ఫోన్లలో తరచూ చూస్తాను. కింద బటన్ల బదులు జెశ్చర్ నావిగేషన్ పెట్టుకోండి, డెలివరీ ఇచ్చేటప్పుడు స్క్రీన్ ఆపండి. అయినా రెండు మూడేళ్లలో మచ్చ రావచ్చు. సెకండ్‌హ్యాండ్ అమోలెడ్ కొనేవాళ్లయితే స్క్రీన్ నిండా లేత బూడిద బొమ్మ పెట్టి చూడకుండా డబ్బులు ఇవ్వొద్దు.

ఇప్పుడు మీ తలనొప్పి. మీ ఫ్రెండ్ ఫోన్‌తోనే ఎందుకు వస్తోందో దాదాపు ఊహించగలను. చాలా అమోలెడ్‌లు వెలుగు తగ్గించాలంటే చుక్కలను మసకగా వెలిగించవు, వేగంగా ఆర్పి వెలిగిస్తాయి. దీన్నే పీడబ్ల్యూఎం అంటారు. పాత పద్ధతిలో సెకనుకు 240 సార్లు. అంటే ఒక్కో చుట్టు 4 మిల్లీసెకన్ల పైచిలుకు. పావు వెలుగుకు తగ్గిస్తే అందులో ఒక్క మిల్లీసెకను వెలిగి, మిగతా మూడూ చీకటి. మనకు మినుకుమంటున్నట్టు కనపడదు, కానీ కొందరికి కంటి లాగుడు, తలనొప్పి, వికారం వస్తాయి. అందరికీ రావు, అందుకే మీ ఫ్రెండ్‌కు ఏమీ కాకపోవచ్చు. వెలుగు తగ్గించేకొద్దీ చీకటి భాగం పెరుగుతుంది. మీరు లైటు తీసేసి బాగా తగ్గించి చదువుతున్నారు కాబట్టి సరిగ్గా దీనికే దొరికిపోతున్నారు. ఎల్‌సీడీల్లో ఎక్కువ భాగం బ్యాక్‌లైట్‌కు కరెంటే తగ్గిస్తాయి, లేదా చాలా ఎక్కువ వేగంతో మినుకుతాయి. అందుకే వాటితో ఈ ఇబ్బంది తక్కువ. దీపాల మినుకు మీద ఐఈఈఈ సంస్థ 2015లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం, పూర్తిగా ఆరి వెలిగే దీపం సెకనుకు 1250 సార్లు దాటితే ప్రమాదం తక్కువ, 3000 దాటితే ప్రభావం ఉండదని లెక్క. ఇప్పుడు 1920, 2160, 3840 హెర్ట్జ్ డిమ్మింగ్ అని అమ్ముతున్నది ఇందుకే. మొదట్లో చెప్పిన రెండో షరతు కూడా ఇదే.

ఊహతో ఆగకుండా ఫ్రెండ్ ఫోన్‌ను పరీక్షించండి. రాత్రి మీరు చదివేంత వెలుగుకు దాన్ని తగ్గించి తెల్ల పేజీ తెరవండి. ఇంకో ఫోన్ కెమెరాలో ప్రో మోడ్‌కు వెళ్లి షటర్ స్పీడ్ 1/4000 పెట్టి ఆ స్క్రీన్ వైపు చూపించండి. బొమ్మ చీకటిగా ఉంటే ఐఎస్‌ఓ పెంచండి. లావుపాటి నల్ల పట్టీలు కొన్ని కదులుతూ కనిపిస్తే అది తక్కువ వేగం పీడబ్ల్యూఎం. సన్నటి గీతలు దగ్గరదగ్గరగా, లేతగా ఉంటే ఎక్కువ వేగం. ఒకే ఒక్క సన్న పట్టీ కిందికి జారుతుంటే అది స్క్రీన్ బొమ్మను మార్చుకునే రిఫ్రెష్ గుర్తు, చాలా అమోలెడ్‌లకు ఉంటుంది, కంగారు పడొద్దు. షాపులో కొత్త ఫోన్‌ను కూడా ఇలాగే చూడండి. షాపు లైట్ల కింద స్క్రీన్ ఆటోలో పూర్తి వెలుగులో ఉంటుంది, అప్పుడు పట్టీలు కనపడవు. చేత్తో తగ్గించాకే చూడాలి.

ఇప్పటికే అమోలెడ్ ఉన్నవాళ్లకు ఒక దారి ఉంది. స్లైడర్‌ను సగం పైనే ఉంచి, ఆండ్రాయిడ్‌లో Extra dim, ఐఫోన్‌లో Reduce White Point ఆన్ చేస్తే, స్లైడర్‌ను కదపకుండానే తెలుపును మసక చేసి వెలుగు తగ్గిస్తాయి, కాబట్టి చీకటి భాగం పెరగదు. కొన్ని ఫోన్ల సెట్టింగ్స్‌లో డీసీ డిమ్మింగ్ లేదా యాంటీ ఫ్లికర్ అని ఉంటుంది, అదీ పెట్టి చూడొచ్చు. మరీ తక్కువ వెలుగులో దానివల్ల బూడిద రంగుల్లో మరకలు కనపడొచ్చు, చదువుకు అది అడ్డం కాదు. అన్నిటికంటే తేలిక, మంచం పక్కన చిన్న లైటు వేసుకోవడం. గదిలో వెలుగుంటే స్క్రీన్‌ను అంత తగ్గించాల్సిన పనే ఉండదు.

బ్లూ లైట్ గురించి మీరు టెన్షన్ పడొద్దు. కళ్లు అలిసిపోవడానికి స్క్రీన్ చూస్తూ రెప్పలు తక్కువగా వేయడం, ఒకే దూరంలో గంటసేపు చూడటమే పెద్ద కారణాలు. అది రెండు స్క్రీన్‌లకూ ఒకటే. కంటిలో సిలిండర్ పవర్ ఉన్నవాళ్లకు చీకట్లో నల్ల పేజీ మీద తెల్ల అక్షరాలు చెదిరినట్టు కనిపిస్తాయి, వాళ్లు లేత పేజీ మీద ముదురు అక్షరాలే పెట్టుకోవాలి. తెలుగులో చదివేవాళ్లు రిజల్యూషన్ కూడా చూసుకోవాలి. ఈ ధరలో ఎల్‌సీడీలు కొన్ని 720 పిక్సెళ్లవే, 6.7 అంగుళాల మీద అంగుళానికి 260 చుక్కలే వస్తాయి. 1080 పిక్సెళ్ల స్క్రీన్‌లో అది 390 దాటుతుంది. పీడీఎఫ్ పేజీ మొత్తాన్ని తెరలో ఇమిడ్చి చదివేటప్పుడు "క్ష్మ", "స్త్ర్య" లాంటి ఒత్తుల దగ్గర ఆ తేడా కంటికి పని పెడుతుంది.

అందుకని షాపుకు వెళ్లేటప్పుడు మీ మెటీరియల్ పీడీఎఫ్ ఒకటి తీసుకెళ్లండి. చూసిన అమోలెడ్‌కు హెచ్‌బీఎం అంకె, డిమ్మింగ్ వేగం రెండూ ఉన్నాయా చూడండి, కెమెరాతో పట్టీలు చూడండి, వీలైతే గుమ్మం బయటికి తెచ్చి ఆటో బ్రైట్‌నెస్‌లో మ్యాప్ తెరవండి. ఆ తర్వాత వెలుగు బాగా తగ్గించి పది నిమిషాలైనా చదవండి. తల పట్టేసినట్టు అనిపిస్తే కాగితం మీద ఏ అంకె ఉన్నా వదిలేసి, 1080 పిక్సెళ్ల ఎల్‌సీడీ తీసుకోండి. ఎల్‌సీడీ అయితే మ్యాప్‌తో బర్న్ ఇన్ బాధ ఉండదు, పగిలినా డిస్‌ప్లే కాంబో చవకలో వస్తుంది. అమోలెడ్ పగిలితే మాత్రం జాగ్రత్త, తక్కువ ధరకు వేస్తామనే చోట అమోలెడ్ తీసేసి ఎల్‌సీడీ కాపీ బిగించే అవకాశం ఉంది. వేశాక గది చీకటి చేసి నల్ల బొమ్మ పెట్టి చూడండి. స్క్రీన్ బూడిదగా వెలుగుతుంటే మీది మీకు తిరిగి రాలేదు.